స్కాన్ నార్మల్ అన్నారు, మరి తలనొప్పి ఎందుకు తగ్గడం లేదు?

"మా ఆవిడకి 34 ఏళ్లు. నాలుగేళ్లుగా తలనొప్పి. మొదట్లో నెలకి రెండుసార్లు వచ్చేది, ఇప్పుడు దాదాపు రోజూ ఉంటోంది. నిరుడు సీటీ, పోయిన నెల ఎంఆర్ఐ తీయించాం. రెండూ నార్మల్. 'ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో' అన్నారు. ఇంట్లో కొందరు నటిస్తోందని కూడా అంటున్నారు. ఇంకో పెద్ద సెంటర్‌లో మళ్లీ స్కాన్ తీయిస్తే అసలు సంగతి బయటపడుతుందా?"

చాలావరకు పడదు. ఎంఆర్ఐ తీసి నెలే అయింది, ఆ తర్వాత కొత్త లక్షణం ఏదీ రాలేదంటే మూడో స్కాన్ వద్దు. దానికంటే ముందు చేయాల్సినవి రెండున్నాయి. ఆమె నెలలో ఎన్ని రోజులు నొప్పి మాత్ర వేసుకుంటోందో లెక్క పెట్టండి. ఇంతవరకూ చూపించకపోతే, కళ్లలో చుక్కలు వేయించి కంటి వెనక నరాన్ని ఒకసారి పరీక్ష చేయించండి. ఈ రెండింటికీ కలిపి అయ్యే ఖర్చు స్కాన్ ఖర్చులో ఓ మూలకి కూడా రాదు. ఎందుకు చెబుతున్నానో వివరంగా రాస్తాను.

నేను న్యూరాలజిస్టుని. మీరు రాసినలాంటి ఫైలు నా ఓపీలో రోజుకి నాలుగైదు వస్తాయి. కవర్లోంచి ముందు ఫిల్ములు తీసి బల్ల మీద పరుస్తారు. నేను వాటిని పక్కనపెట్టి "మొదటిసారి ఎప్పుడు వచ్చింది, ఎలా మొదలవుతుంది" అని అడిగితే కొంతమంది తెల్లబోతారు. "స్కాన్ ఉంది కదా సార్" అంటారు. స్కాన్ ఉంది, కానీ ఆ స్కాన్‌ని మనం ఏం అడిగాం అనేది ముఖ్యం.

సీటీ, ఎంఆర్ఐ చూపించేది ఆకారాన్ని. గడ్డ ఉందా, రక్తం చిమ్మిందా, నీరు చేరిందా, ఏ భాగమైనా పక్కకి జరిగిందా అని చెబుతాయి. మెదడు ఎలా పనిచేస్తోందో మామూలు స్కాన్‌లో కనపడదు. వీణ ఫొటో చూపించి శ్రుతి కుదిరిందా అని అడిగితే ఎవరు చెప్పగలరు? తీగలన్నీ ఉన్నాయి, కుండ పగల్లేదు అని మాత్రం చెప్పగలరు. పార్శ్వపు నొప్పి, అంటే మైగ్రేన్, శ్రుతికి సంబంధించిన జబ్బు. మెదడు కణజాలానికి సొంతంగా నొప్పి తెలియదు. దాని చుట్టూ ఉన్న పొరలకీ, వాటిలోని రక్తనాళాలకీ తెలుస్తుంది. ఆ కబురు మోసే నరం అతిగా రెచ్చిపోయి, నొప్పిని పెంచే రసాయనాలు విడుదల కావడం మైగ్రేన్‌లో జరిగే పని. నొప్పి తారస్థాయిలో ఉన్నప్పుడు తీసినా ఎంఆర్ఐ మామూలుగానే ఉంటుంది. మైగ్రేన్ ఉన్నవాళ్ల స్కాన్ నార్మల్‌గా రావడం వింతేమీ కాదు, అలాగే రావాలి.

కాబట్టి "స్కాన్ నార్మల్" అన్నప్పుడు మీరు వినాల్సింది "గడ్డ లేదు, రక్తస్రావం లేదు" అని. దాన్ని "జబ్బే లేదు" అని చదవడం దగ్గరే పొరపాటంతా. ఆ పొరపాటు ఇంట్లోవాళ్లే కాదు, మా డాక్టర్లమూ చేస్తాం. రద్దీగా ఉన్న ఓపీలో ఆ మాట నోటికి తేలిగ్గా వస్తుంది.

ఇక మాత్రల లెక్క గురించి. రెండేళ్ల క్రితం నా దగ్గరికి ఒక టీచరమ్మ వచ్చారు. మనిషిని గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చి చెబుతున్నాను. వయసు దాదాపు మీ ఆవిడంతే. మూడు సీటీలు, రెండు ఎంఆర్ఐలు, ఒక సైనస్ ఆపరేషన్ అయ్యాయి. ఆమెని మొదటి నుంచీ చెప్పమన్నాను. డిగ్రీ చదివేటప్పుడు మొదలైందట. కుడి కణత దగ్గర, నాడి కొట్టుకున్నట్టు. ఎండలో తిరిగినా, ఏకాదశికి ఉపవాసం ఉన్నా, తలస్నానం చేసి జుట్టు ఆరకుండా బయటికెళ్లినా వచ్చేది. వచ్చిన రోజు పోపు వాసన పడదు, కుక్కర్ విజిల్ వింటే తల పగిలిపోతుంది. తలుపులు మూసుకుని చీకట్లో పడుకుంటే, ఒక వాంతి అయ్యాక, మర్నాటికి తేలిక. "మా అమ్మ కూడా తలకి గుడ్డ బిగించి కట్టుకుని పడుకునేది" అన్నారు. అప్పటికి నాకు జబ్బు పేరు తెలిసిపోయింది. చికిత్స తీసుకోకపోతే నాలుగు గంటల నుంచి మూడు రోజుల దాకా ఉండే నొప్పి, నడిచినా మెట్లెక్కినా పెరగడం, వాంతి వచ్చినట్టుండడం, వెలుతురూ శబ్దమూ పడకపోవడం, ఇలాంటివి ఐదుసార్లైనా వచ్చి ఉండడం. మైగ్రేన్‌ని పట్టుకునే కొలతలు ఇవే. స్కాన్ వీటిలో ఎక్కడా లేదు.

మరి అప్పుడప్పుడూ వచ్చేది రోజూ ఎందుకైంది? ఆమె హ్యాండ్‌బ్యాగ్ తెరిచి చూపించమన్నాను. నొప్పి మాత్రల షీటు ఒకటి సగం ఖాళీగా ఉంది, రెండోది కొత్తది. పారాసిటమాల్‌తో పాటు కెఫీన్, ఇంకో నొప్పి మందు కలిసిన మాత్ర అది. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేస్తారు. వారానికి ఎన్ని వేసుకుంటారంటే "మరీ ఎక్కువేం కాదండీ" అన్నారు. నెలకి ఎన్ని షీట్లు కొంటారు అని అడిగితే భర్త చెప్పారు, మూడు అని. షీటుకి పది. తర్వాత నెలంతా క్యాలెండర్‌లో టిక్కు పెట్టించాం. 22 రోజులు మాత్ర పడింది.

తలనొప్పి తరచూ వచ్చే మనిషి నొప్పి మాత్రలు నెలలో మరీ ఎక్కువ రోజులు వాడుతూ పోతే, మూడు నెలలు దాటేసరికి ఆ మాత్రలే నొప్పిని పెంచి పోషిస్తాయి. ఉత్త పారాసిటమాల్‌లాంటివి నెలకి 15 రోజులు, రెండు మూడు మందులు కలిసిన మాత్రలు, మైగ్రేన్‌కే ప్రత్యేకంగా ఇచ్చే ట్రిప్టాన్లు, ఎర్గాట్ మందులైతే 10 రోజులు దాటితే అనుమానించాలి. ఇక్కడ లెక్క మాత్రలది కాదు, రోజులది. ఒక రోజు మూడు వేసుకున్నా ఒక రోజే. మందు ప్రభావం దిగగానే తెల్లవారుజామున నొప్పి లేపుతుంది, లేచీ లేవగానే ఇంకో మాత్ర వేస్తారు. అలా చక్రం తిరుగుతూ ఉంటుంది. దీన్ని ఏ యంత్రం కింద పడుకోబెట్టినా కనిపెట్టలేరు. క్యాలెండర్ పట్టిస్తుంది.

ఆవిడకి ఆ మాత్ర పూర్తిగా ఆపించి, తలనొప్పి రాకుండా చూసే మందు రాత్రిపూట తక్కువ మోతాదులో మొదలుపెట్టాను. మొదటి వారం నరకం చూశారు. నాలుగో రోజు వాళ్లాయన ఫోన్ చేసి "మీ మందు పడలేదేమో" అన్నారు కూడా. ఆపిన కొత్తలో, రెండు రోజుల నుంచి పది రోజుల దాకా, నొప్పి ఎక్కువవడం మామూలే. ముందే చెప్పకపోతే అందరూ అక్కడే ఓడిపోయి మళ్లీ షీటు కొంటారు. మూడో నెలకి ఆమెకి నొప్పి నెలకి ఐదు రోజులకి దిగింది. పూర్తిగా పోలేదు, పోతుందని నేను చెప్పనూ లేదు. ఆ నివారణ మందుల్లో ఏది ఎవరికి అనేది డాక్టర్ చూసే నిర్ణయించాలి. ఉబ్బసం ఉన్నవాళ్లకి ప్రొప్రనొలాల్ ఇవ్వకూడదు, పిల్లలు కావాలనుకుంటున్న ఆడవాళ్లకి వాల్‌ప్రొయేట్ అస్సలు పనికిరాదు, టోపిరమేట్ కూడా మంచిది కాదు. ఇంట్లో ఎవరో వాడుతున్నారని తెచ్చి వేసుకోవద్దు.

మీ ఆవిడది ఇదేనని నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను. కానీ నెలకి రెండుసార్లు వచ్చేది రోజూ వచ్చేలా మారిందంటే నా మొదటి అనుమానం మాత్రల మీదకే వెళ్తుంది.

ఇప్పుడు రెండో సంగతి, కంటి పరీక్ష. స్కాన్ నార్మల్‌గా ఉండి, లోపల నిజంగా ప్రమాదం ఉండే సందర్భాలున్నాయి. వాటిలో మీ ఆవిడ వయసువాళ్లకి వచ్చేది ఒకటి చెబుతాను. తలలో గడ్డ ఏదీ లేకుండానే మెదడు చుట్టూ ఉండే నీటి ఒత్తిడి పెరిగిపోతుంది. ఎక్కువగా యువతుల్లో, అందులోనూ ఈమధ్య బరువు పెరిగినవాళ్లలో వస్తుంది. నేను చూసిన ఒకమ్మాయి చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది. "వంగి ముగ్గు వేసి లేచేసరికి రెండు సెకన్లు కళ్లకి బూడిద కప్పినట్టవుతుంది సార్, మళ్లీ మామూలే" అంది. రాత్రి దిండు మీద తల పెడితే చెవిలో గుండె చప్పుడుతో పాటు 'హుష్ హుష్' అని వినిపిస్తుందట. సీటీ నార్మల్, ఎంఆర్ఐ నార్మల్ అని రాశారు. అందరూ కళ్లద్దాలు మార్చుకోమన్నారు. ఆఫ్తాల్మోస్కోప్‌తో చూస్తే రెండు కళ్లలోనూ కంటినరం మొదలు వాచి ఉంది. రక్తనాళాల స్కాన్‌లో సిరలు మూసుకుపోలేదని నిర్ధారించుకుని, నడుము దగ్గర సూదితో నీటి ఒత్తిడి కొలిచాం. పెద్దవాళ్లలో 25 సెంటీమీటర్లు దాటితే ఎక్కువ కింద లెక్క. ఆమెకి 34 ఉంది. ఎసిటజోలమైడ్ మాత్రలు, బరువు తగ్గడం, కంటిచూపు హద్దుల్ని కొలిచే పరీక్ష మళ్లీ మళ్లీ చేయించుకోవడం. అలా చూపు నిలబడింది. ఇంకొన్నాళ్లు వదిలేసి ఉంటే మెల్లమెల్లగా చూపు పోయేది, అదీ తిరిగి రాని విధంగా.

ఎంఆర్ఐలో ఈ జబ్బుకి కొన్ని చిన్న చిన్న ఆనవాళ్లు ఉంటాయి. ఉదాహరణకి పిట్యూటరీ గ్రంథి చదునుగా అణిగిపోయినట్టు కనపడుతుంది. కాకపోతే చూసే రేడియాలజిస్టుకి "యువతి, తలనొప్పి, చూపు మసక" అని ఎవరైనా రాసిస్తేనే వాటి కోసం వెతుకుతారు. మా చీటీల మీద సాధారణంగా రాసేది ఒక్కటే మాట, "తలనొప్పి". ప్రశ్న అంత బోడిగా ఉంటే జవాబూ అలాగే వస్తుంది.

అలాగని స్కాన్ వృథా అని నేను అనడం లేదు. దాని అవసరం ఎప్పుడో తెలిస్తే గంట కూడా ఆలస్యం చేయకూడని రోజులున్నాయి. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది, పిడుగు పడ్డట్టు వచ్చే నొప్పి. నిమిషంలోపే తారస్థాయికి చేరుతుంది. "బిందె ఎత్తుకుంటున్నాను, తల మీద సుత్తితో కొట్టినట్టయింది" అని ఆ క్షణాన్ని గుర్తుపట్టి చెబుతారు. మెదడు మీది రక్తనాళం ఉబ్బి పగిలినప్పుడు ఇలా ఉంటుంది. అప్పుడు సీటీయే సరైన పరీక్ష, అదీ ఆ రోజే. నొప్పి మొదలైన ఆరు గంటల్లోపు మంచి యంత్రం మీద తీసి, చదవడం వచ్చినవాళ్లు చూస్తే ఆ రక్తాన్ని దాదాపుగా తప్పించుకోనివ్వదు. గంటలు గడిచేకొద్దీ రక్తం పలచబడి స్కాన్ చూపు మందగిస్తుంది. రెండు రోజుల తర్వాత వచ్చి తీయించుకున్న సీటీ నార్మల్ అంటే నేను నమ్మి ఇంటికి పంపను. వెన్నునీరు పరీక్ష చేయాలి. అంటే ఒకే యంత్రం, ఒకే రిపోర్టు, కానీ 'నార్మల్' అనే మాట విలువ గడియారాన్ని బట్టి మారిపోతుంది.

రెండోది బాలింతలు. కాన్పయిన వారం పది రోజులకి తలనొప్పి మొదలై రోజురోజుకీ పెరుగుతుంటే, వాంతులు, ఫిట్స్, చూపు మసక, ఒక చెయ్యి బలం తగ్గడం ఏది తోడైనా, మెదడు నుంచి రక్తాన్ని వెనక్కి తీసుకెళ్లే సిరల్లో గడ్డకట్టిందేమో చూడాలి. మన దగ్గర కొన్ని ఇళ్లలో ఇప్పటికీ పచ్చి బాలింతకి నీళ్లు కొలిచి ఇస్తారు. కాన్పు తర్వాత రక్తం ఎలాగూ గడ్డకట్టే స్వభావంతో ఉంటుంది, ఒంట్లో నీరు తగ్గితే ఇంకా చిక్కబడుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో, పూజకో పెళ్లికో నెలసరి వాయిదా వేసే హార్మోన్ మాత్రలు వేసుకున్నవాళ్లలో కూడా ఇది చూస్తుంటాం. ఇక్కడ మామూలు సీటీ చాలామందిలో ఏమీ లేదనే చెబుతుంది. సిరల కోసమే ప్రత్యేకంగా తీసే వీనోగ్రామ్ కావాలి. స్కాన్ తీయించారా అని అడిగితే చాలదు, ఏ స్కాన్ తీయించారని అడగాలి. సకాలంలో రక్తం పలచబడే మందు మొదలుపెడితే ఎక్కువమంది బాగా కోలుకునే జబ్బు ఇది. అందుకే తప్పిపోతే నాకు కోపం వస్తుంది.

మూడోది పెద్దవాళ్లు. 50 దాటాక మొదటిసారి తలనొప్పి మొదలైతే దాన్ని మైగ్రేన్ అని సర్దిపెట్టకూడదు. స్నానాల గదిలో జారి తల తగిలి, ఆ రోజు బాగానే ఉండి, మూడు వారాల తర్వాత తల బరువు, మతిమరుపు, నడకలో తూలడం మొదలైన తాతగారికి సీటీ తీస్తే పుర్రెకీ మెదడుకీ మధ్య పాత రక్తం చేరి ఉంటుంది. ముఖ్యంగా రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి. అక్కడ స్కాన్ అన్నిటికీ జవాబు చెప్పేస్తుంది. అదే వయసులో కణతలు నొప్పి, అన్నం నమిలేటప్పుడు దవడలు లాగడం ఉంటే మాత్రం స్కాన్ నార్మల్‌గా ఉన్నా ఊరుకోకూడదు. ఈఎస్ఆర్, సీఆర్పీ అనే రక్తపరీక్షలు చేయించాలి. కణతల దగ్గరి ధమని వాపు మన దేశంలో తక్కువే గానీ, వచ్చినప్పుడు రాత్రికి రాత్రి కన్ను పోవచ్చు.

జ్వరంతో పాటు మెడ పట్టేయడం, మొదటిసారి ఫిట్స్ రావడం, మాట తడబడడం, ఒకవైపు బలహీనత, వారాల తరబడి నానాటికీ పెరుగుతూ దగ్గినా ముక్కినా ఎక్కువయ్యే నొప్పి, క్యాన్సర్ లేదా హెచ్ఐవీ ఉన్నవాళ్లకి కొత్తగా వచ్చిన నొప్పి, వీటన్నిటికీ స్కాన్ కావాల్సిందే. ఏళ్ల తరబడి అదే తీరులో వచ్చిపోయే నొప్పి, మధ్యలో మనిషి మామూలుగా ఉండడం, డాక్టర్ పరీక్షలో నరాలన్నీ సరిగ్గా ఉండడం. అలాంటివాళ్లకి స్కాన్‌లో ప్రమాదకరమైనది దొరకడం చాలా అరుదు. దొరికేది ఇంకోటుంటుంది, అనవసరపు భయం. 'సైనస్ పొర కాస్త మందంగా ఉంది', 'తెల్లని చుక్కలు రెండు ఉన్నాయి', 'చిన్న నీటితిత్తి ఉంది' అని రిపోర్టులో వస్తుంది. ఏ బాధా లేని మనుషుల్ని వరసగా పడుకోబెట్టి తీసినా వీటిలో ఏదో ఒకటి చాలామందికి కనపడుతుంది. మైగ్రేన్ ఉన్నవాళ్లలో ఆ తెల్లచుక్కలు ఇంకా మామూలు. టీచరమ్మ గారి సైనస్ ఆపరేషన్ అలా రిపోర్టులోని ఒక వాక్యం వల్ల జరిగిందే. తలకి తీసే ఒక్కో సీటీకి దాదాపు వంద ఛాతీ ఎక్స్‌రేలంత రేడియేషన్ పడుతుంది. అవసరమైనప్పుడు లెక్క చేయనక్కర్లేదు, మనసు కుదుటపడడానికి మాత్రం తీయించకండి. ఎంఆర్ఐకి రేడియేషన్ లేదు, అంతవరకు నయం.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఒక క్యాలెండర్ మంచం పక్కన తగిలించండి. నొప్పి ఉన్న రోజు ఒక గుర్తు, మాత్ర వేసుకున్న రోజు ఇంకో గుర్తు, నెలసరి రోజులకి మూడో గుర్తు పెట్టమనండి. రోజూ నింపే కథలు వద్దు, నెల తిరిగేలోపు మానేస్తారు. నొప్పి ఎటువైపు, వాంతి ఉందా, వెలుతురు పడదా, పడుకుంటే తగ్గుతుందా పెరుగుతుందా, ఇవి ఒక్కసారి ఒక కాగితం మీద రాసుకోండి. నిలబడితే నొప్పి వచ్చి పడుకోగానే పోతుంటే అది ప్రత్యేకంగా చెప్పండి, వెన్నునీరు కారి ఒత్తిడి తగ్గిపోయినప్పుడు అలా ఉంటుంది, దానికీ మామూలు ఎంఆర్ఐ ఒక్కోసారి నార్మల్‌గానే వస్తుంది. పొద్దున్నే నొప్పితో లేస్తూ, రాత్రి గట్టిగా గురక పెడుతుంటే అది మీరే చెప్పాలి, ఆమెకి తెలియదు. వాడుతున్న అన్ని మాత్రల షీట్లూ, పాత స్కాన్ల సీడీలూ తీసుకెళ్లండి. సీడీ ఉంటే మేం మళ్లీ మా కళ్లతో చూసుకుంటాం, కొత్తగా తీయించక్కర్లేదు. దాదాపు రోజూ అంటున్నారు కాబట్టి నెల నిండేదాకా ఆగకండి, రెండు వారాల గుర్తులతోనే వెళ్లండి. కళ్లు మసకబారుతున్నాయంటే ఆ రెండు వారాలు కూడా వద్దు, కంటి పరీక్షకి రేపే వెళ్లండి.

నటన అంటున్న వాళ్ల సంగతి ఒకటి. ఆ రోజు టీచరమ్మ గారితో అత్తగారు కూడా వచ్చారు. నేను ఆమెకి చెప్పింది ఇంతే: "ఫిల్ములో నొప్పి పడదమ్మా. మీ మోకాళ్ల నొప్పి ఎంతుందో నాకు ఎక్స్‌రేలో కనపడుతుందా?" ఆవిడ కాసేపు నా వైపు చూసి, కోడలి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఆ రెండు షీట్లూ తీసి తన సంచిలో వేసుకున్నారు.